పని పోయాక ఈఎస్ఐ భృతి: జీతంలో కోత నుంచి ఖాతాలో డబ్బు పడేదాకా

పైడిభీమవరం మందుల కంపెనీల్లో కాంట్రాక్టు మారినా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫర్నేసు ఆపినా, రాజాం వైపు జూట్ మిల్లు గేటు మూసినా కార్మికులు అడిగే ప్రశ్న ఒకటే. "నెలనెలా ఈఎస్ఐ కట్ చేశారు కదా, పని పోయినప్పుడు దాన్నుంచి ఏమైనా వస్తుందా?" వస్తుంది. దాని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జూలై 1న మొదలైంది. అప్పటి నుంచి విడతలవారీగా పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి, అప్లై చేసే ముందు అది అమల్లో ఉందో లేదో `esic.gov.in`లో ఒకసారి చూసుకోండి.

ఎన్నికలప్పుడు వినిపించే నిరుద్యోగ భృతికీ దీనికీ సంబంధం లేదు. అది ప్రభుత్వం ఇచ్చేది. ఇది మీ పేరున చందా కట్టిన బీమా నుంచి వచ్చేది. అందుకే ఇక్కడ సిఫారసులు పనిచేయవు, రికార్డే పనిచేస్తుంది. ఆ రికార్డులో మూడు విషయాలు సరిగా ఉండాలి: ఎన్ని రోజులకు చందా పడింది, ఎంత జీతం మీద పడింది, పని ఏ తేదీన ఏ కారణంతో ఆగింది.

## 1. ముందు మీ పని నిజంగా "పోయిందో" లేదో తేల్చుకోండి

మన దగ్గర "లేఆఫ్ చేశారు" అనే మాటను రెండు రకాలుగా వాడతారు. ఆ రెంటికీ దారులు వేరు.

ముడిసరుకు లేదనో, కరెంటు లేదనో కొన్నాళ్లు పనికి రావద్దని చెప్పి, పేరు మాత్రం మస్టర్‌లోనే ఉంచితే అది చట్టం ప్రకారం లేఆఫ్. మీరు ఇంకా ఆ కంపెనీ మనిషే. అప్పుడు డబ్బు ఇవ్వాల్సింది యాజమాన్యం. యాభై మందికి తగ్గకుండా పనిచేసే ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి బేసిక్, డీఏలలో సగం లేఆఫ్ పరిహారంగా రావాలి. దీనికి ఈఎస్ఐ భృతి వర్తించదు.

పేరు తీసేసి "ఇక రావద్దు" అంటే అది పని పోవడం. ఈ మార్గదర్శి దాని గురించే.

కింది సందర్భాల్లో భృతి రాదు:

- మీ అంతట మీరు రాజీనామా చేసినా, చెప్పకుండా మానేసినా
- స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నా, వయసు నిండి రిటైరైనా
- క్రమశిక్షణ చర్య కింద తీసేసినా
- లాకౌట్ రోజులకు, చట్టవిరుద్ధమని తేలిన సమ్మె రోజులకు

మొదటిదే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. లెక్క సెటిల్ చేస్తామని చెప్పి తెల్ల కాగితం మీదో, అచ్చువేసిన ఫారం మీదో సంతకం అడుగుతారు. అందులో "నా వ్యక్తిగత కారణాల వల్ల" అన్న మాట ఉంటే అది రాజీనామా. చదవకుండా సంతకం పెట్టొద్దు. "పని లేనందున తొలగించారు" అని రాయించుకోండి. రాయనంటే కనీసం ఆ ఫారాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

## 2. మీ జీతంలో ఎంత కట్ కావాలి, యజమాని ఎంత కట్టాలి

నెల జీతం 21,000 రూపాయల దాకా ఉన్నవారు ఈఎస్ఐ పరిధిలోకి వస్తారు. దివ్యాంగులకు ఈ పరిమితి 25,000. 2019 జూలై 1 నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పైసలు వస్తే పై రూపాయికి సవరిస్తారు.

అంటే 15,500 జీతానికి మీ వైపు నుంచి 117 రూపాయలు, యజమాని వైపు నుంచి 504 రూపాయలు పడాలి. నిరుద్యోగ భృతి కోసం విడిగా చందా ఏమీ ఉండదు. వైద్యం, అనారోగ్య సెలవు, ప్రసూతి, ఈ భృతి, అన్నీ ఈ 4 శాతంలోనే.

పేస్లిప్‌లో 117 కట్ అయిందంటే ఈఎస్ఐకి చేరినట్టు కాదు. ఏ నెల చందా అయినా తర్వాతి నెల 15వ తేదీలోగా యజమాని జమ చేయాలి. చేశాడా లేదా అన్నది `esic.gov.in`లో ఇన్సూర్డ్ పర్సన్ లాగిన్‌లోకి వెళ్తే తెలుస్తుంది. పది అంకెల ఇన్సూరెన్స్ నంబరు, పుట్టిన తేదీ, నమోదైన మొబైల్ నంబరు ఉంటే లాగిన్ తయారు చేసుకోవచ్చు. అందులో చందాల చరిత్ర తెరిస్తే ప్రతి నెలకూ ఎన్ని రోజులు, ఎంత జీతం చూపించారో కనిపిస్తుంది.

ఇక్కడ రెండు తేడాలు పట్టుకోండి. ఒకటి, జీతం తక్కువ చూపించడం. ఈఎస్ఐ లెక్కలోకి బేసిక్ ఒక్కటే కాదు, డీఏ కూడా వస్తుంది. చేతికి 15,500 ఇస్తూ పోర్టల్లో 11,000 చూపిస్తే రేపు మీ భృతి కూడా ఆ 11,000 మీదే లెక్క కడతారు. రెండు, రోజులు తక్కువ చూపించడం. దీనివల్ల ఏం జరుగుతుందో తర్వాతి భాగంలో చూద్దాం.

## 3. 78 రోజుల షరతు

ఈఎస్ఐ ఏడాదిని రెండుగా విడగొడుతుంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా ఒక చందా కాలం, అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా మరొకటి. రెండేళ్లంటే నాలుగు చందా కాలాలు.

భృతి రావాలంటే:

- పని పోయే నాటికి కనీసం రెండేళ్లు ఈఎస్ఐ పరిధిలోని ఉద్యోగంలో ఉండాలి
- పని పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి
- అంతకు ముందున్న మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు ఉండాలి

మొదట్లో నాలుగు కాలాల్లోనూ 78 రోజుల చొప్పున ఉండాలనేవారు. కరోనా సమయంలో 2020లో దాన్ని సడలించారు. నెలకు 26 పని దినాల లెక్కన 78 రోజులంటే మూడు నెలలు. ఆరు నెలల్లో మూడు నెలలు నికరంగా పనిచేస్తే చాలు.

యజమాని ఒక్కరే అయి ఉండాలన్న నియమం లేదు. ఏడాది ఒక కంపెనీలో, ఏడాది మరో కంపెనీలో పనిచేసినా, రెండుచోట్లా ఒకే ఇన్సూరెన్స్ నంబరు వాడితే రోజులన్నీ కలుస్తాయి. చిక్కు ఆ "ఒకే నంబరు" దగ్గరే వస్తుంది. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా పాత నంబరు అడగకుండా కొత్తది తీసేస్తుంటారు. అప్పుడు ఒకే మనిషి రికార్డులో ఇద్దరవుతాడు. ఒకరికి పద్నాలుగు నెలల సర్వీసు, మరొకరికి పదకొండు నెలలు. ఇద్దరిలో ఎవరికీ రెండేళ్లు నిండవు, క్లెయిమ్ తిరిగొస్తుంది.

దీనికి మందు, పాత కార్డు, కొత్త కార్డు, ఆధార్ తీసుకుని మీ కార్డుకు సంబంధించిన ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకు వెళ్లి రెండు నంబర్లను కలపమని రాతపూర్వకంగా అడగడం. క్లెయిమ్ తిరిగొచ్చాక కాదు, పని పోయిన వారంలోనే అడగాలి.

జీతం 21,000 దాటినవారికి మరో మాట. చందా కాలం మధ్యలో జీతం పెరిగితే ఆ కాలం ముగిసేదాకా మీరు పరిధిలోనే ఉంటారు. ఆ తర్వాత బయటికి వచ్చేస్తారు. బయటికొచ్చిన ఏడాదికి పని పోతే, అంతకు ముందు పదేళ్లు చందా కట్టినా ఈ భృతి రాదు.

## 4. వేచి ఉండే 30 రోజుల్లో చేయాల్సిన పని

పని పోయిన తేదీ నుంచి 30 రోజులు గడిచాకే క్లెయిమ్ చెల్లింపుకు వస్తుంది. పథకం మొదట్లో ఇది 90 రోజులు ఉండేది. ఈ 30 రోజులకు డబ్బు రాదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అది అప్లికేషన్‌కు పెట్టిన గడువు మాత్రమే. డబ్బు పని పోయిన మొదటి రోజు నుంచే లెక్కిస్తారు.

ఈ నెల రోజులు ఊరికే కూర్చుంటే తర్వాత మూడు నెలలు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది. వరుసగా ఇవి చేయండి.

మొదటి వారం: కాగితాలు. ఆఖరి మూడు పేస్లిప్పులు, గుర్తింపు కార్డు, తొలగింపు నోటీసు లేదా గేటు దగ్గర అంటించిన నోటీసు ఫొటో దగ్గర పెట్టుకోండి. ఏమీ ఇవ్వకపోతే, ఫలానా తేదీ నుంచి పనిలోకి రావద్దన్నారని, దానికి ఉత్తర్వు ఇవ్వమని యాజమాన్యానికి ఒక ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రశీదు జాగ్రత్త.

రెండో వారం: పేర్లు, బ్యాంకు. ఆధార్‌లో, ఈఎస్ఐలో, పాస్‌బుక్‌లో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంతో ఉండటం మన దగ్గర మామూలే. ఈఎస్ఐ రికార్డును ఆధార్ ప్రకారం సరిచేయించుకోవడం తేలిక. ఇక బ్యాంకు కోడ్. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎక్కువమందికి ఖాతాలున్న గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగం. పాత పాస్‌బుక్ మీద అచ్చయిన ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌ను అలాగే ఎక్కించొద్దు. బ్యాంకుకు వెళ్లి ఇప్పటి కోడ్‌తో పాస్‌బుక్ కొత్తగా వేయించుకోండి.

మూడో వారం: యజమాని ఏం ఎక్కించాడు? అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మీరు పనిలో లేని నెలకు యజమాని పోర్టల్లో సున్నా రోజులు చూపించి, పక్కన ఒక కారణాన్ని ఎంచుకోవాలి. అక్కడ కనిపించే కారణాలు ఇలా ఉంటాయి:

- `On Leave`: సెలవులో ఉన్నారు. అంటే ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారని అర్థం
- `No Work`: పని లేదు, కానీ పేరు ఉంది
- `Left Service`: ఉద్యోగం వదిలారు
- `Retrenchment`: యాజమాన్యమే తగ్గించింది

మొదటి రెండిట్లో ఏది పెట్టినా రికార్డులో మీరు నిరుద్యోగి కారు. మూడోది పెడితే ఆఖరి పనిదినం నమోదవుతుంది గానీ, మీరే వదిలేశారా అన్న ప్రశ్న మిగులుతుంది. అప్పుడు తొలగింపు కాగితం చూపించాలి. మీకు సరిపోయేది నాలుగోది. గుమస్తా చేతికి అందిన గడిని నొక్కేస్తాడు, ఆయనకు అదొక పనికిరాని గడి. అందుకే హెచ్‌ఆర్‌లోనో, కాంట్రాక్టర్ ఆఫీసులోనో మనిషిని పట్టుకుని "రిట్రెంచ్‌మెంట్ పెట్టండి, ఆఖరి పనిదినం ఫలానా తేదీ" అని ముందే చెప్పండి.

నాలుగో వారం: తేదీ పడిందో లేదో చూడటం. జూన్‌లో కొన్ని రోజులు పనిచేసి ఉంటే, ఆఖరి పనిదినం సున్నా రోజులు చూపించే జూలై నెల వివరాలతోనే ఎక్కుతుంది, వాటిని యజమాని ఆగస్టు 15 దాకా ఎక్కించవచ్చు. జూన్ 10న పని పోయినవారు 30 రోజులు నిండాయని జూలై 11న అప్లై చేయబోతే ఆఖరి పనిదినం ఇంకా కనిపించకపోవచ్చు. అది తిరస్కరణ కాదు. ఆగస్టు 15 దాటాక మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే బ్రాంచ్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.

## 5. ఎంత వస్తుంది: ఒక లెక్క పూర్తిగా

సూత్రం ఇది:

```
రోజు సగటు = గత 4 చందా కాలాల మొత్తం జీతం ÷ 730
రోజు భృతి = రోజు సగటు × 50%
గరిష్ఠం   = రోజు భృతి × 90
```

730 అంటే రెండేళ్ల క్యాలెండర్ రోజులు. పనిదినాలతో కాదు, మొత్తం రోజులతో భాగిస్తారు. చాలామంది ఆఖరి జీతంలో సగం వస్తుందనుకుని, తక్కువ పడిందని గొడవకు దిగుతారు. తేడా ఎక్కడొస్తుందో చూడండి.

రణస్థలం దగ్గరి పల్లె నుంచి పైడిభీమవరం వచ్చి ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒక ఆడమనిషిని అనుకుందాం. 2023 జనవరిలో చేరింది. ఆఖరి పనిదినం 2025 జూన్ 10. ఆమెకు లెక్కలోకి వచ్చే నాలుగు కాలాలు:

- 2023 ఏప్రిల్–సెప్టెంబర్: నెలకు 14,000 చొప్పున 84,000
- 2023 అక్టోబర్–2024 మార్చి: రెండు నెలలు జీతం లేని సెలవు, మిగతా నాలుగు నెలలకు 56,000
- 2024 ఏప్రిల్–సెప్టెంబర్: నెలకు 15,500 చొప్పున 93,000
- 2024 అక్టోబర్–2025 మార్చి: 93,000

మొత్తం 3,26,000. 2025 ఏప్రిల్ తర్వాత చేసిన పని ఇంకా పూర్తికాని చందా కాలంలోనిది కాబట్టి ఇందులో కలపలేదు.

ముందు అర్హత చూద్దాం. రెండేళ్లు దాటాయి. సరిగ్గా ముందున్న కాలంలో, అంటే 2024 అక్టోబర్–2025 మార్చిలో, ఆరు నెలలూ పనిచేసింది కాబట్టి 78 రోజులు ఎప్పుడో దాటాయి. మిగతా మూడింట్లో ఒక్కటి చాలు, ఆమెకు మూడూ ఉన్నాయి. సెలవు పెట్టిన కాలంలోనూ నాలుగు నెలల పని ఉంది కాబట్టి అది కూడా 78 దాటుతుంది.

ఇక డబ్బు. 3,26,000ను 730తో భాగిస్తే రోజుకు 446 రూపాయల 58 పైసలు. అందులో సగం 223 రూపాయల 29 పైసలు. ముప్పై రోజులకు సుమారు 6,699. తొంభై రోజులకు సుమారు 20,096.

ఆఖరి జీతంలో సగం లెక్కేసుకుంటే మూడు నెలలకు 23,250 అనుకునేది. మూడు వేలకు పైగా తేడా. మొదటి ఏడాది జీతం తక్కువ, మధ్యలో రెండు నెలలు సున్నా, ఈ రెండూ సగటును కిందికి లాగాయి. ఆఫీసు తప్పు ఏమీ లేదు. జీతంలేని సెలవు అర్హతను చెడగొట్టలేదు గానీ మొత్తాన్ని తగ్గించింది.

ఈ రెండేళ్లలో ఆమె జీతం నుంచి ఈఎస్ఐకి పోయింది సుమారు 2,450 రూపాయలు.

## 6. అప్లికేషన్ పెట్టే క్రమం

కంప్యూటర్లో చేయండి. ఫోన్లో అప్‌లోడ్ మధ్యలో ఆగిపోతే మొదటి నుంచి చేయాల్సి వస్తుంది. నెట్ సెంటర్లో చేయిస్తే పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి, ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి.

1. ఇన్సూర్డ్ పర్సన్ లాగిన్‌లోకి వెళ్లి, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన క్లెయిమ్ తెరవండి.
2. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని లేదో నింపండి. గడిచిన రోజులకే అడగాలి. రాబోయే రోజులకు ముందుగా అడిగితే ఒప్పుకోరు.
3. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ రెండుసార్లు సరిచూసుకోండి. ఖాతా మీ సొంత పేరున ఉండాలి.
4. ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ లేదా రద్దు చేసిన చెక్కు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయండి.
5. సబ్మిట్ చేశాక వచ్చే ఫారం ప్రింట్ తీసి సంతకం పెట్టండి. కాపీలు అప్‌లోడ్ కాకపోతే ఈ ప్రింట్‌తో పాటు వాటిని బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వండి, లేదా పోస్టులో పంపండి.
6. క్లెయిమ్ నంబరు రాసి పెట్టుకోండి. చేతికి ఇస్తే రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

పాత పద్ధతిలో స్టాంపు కాగితం మీద అఫిడవిట్ కావాలనేవారు, యజమాని ద్వారానే పంపాలనేవారు. 2020 మార్పుల్లో రెండూ తీసేశారు. బయట ఎవరైనా అఫిడవిట్ కోసం డబ్బు అడిగితే, అది కావాలో లేదో ముందు బ్రాంచ్ ఆఫీసులోనే కనుక్కోండి.

కాగితాలు సరిగా ఉంటే 15 రోజుల్లో పరిష్కరించాలన్నది ఈఎస్ఐ పెట్టుకున్న గడువు. డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది.

## 7. ఎన్నాళ్లు వస్తుంది, ఎప్పుడు ఆగుతుంది

గరిష్ఠంగా 90 రోజులు. జీవితంలో ఒక్కసారే. కాబట్టి తొందరపడి వాడేయకుండా ఒక్క క్షణం ఆలోచించాల్సిన విషయం ఇది. నలభై రోజుల్లో మరో కంపెనీలో చేరడం ఖాయమని తెలిస్తే, ఈ అవకాశాన్ని ఇప్పుడు వాడాలా, దాచుకోవాలా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి తేల్చుకోండి. ఇంట్లో ఇంకో సంపాదన ఉంటే దాచుకోవడమే నయం.

పైన చెప్పిన ఆమె విషయంలో మొదటి రోజు జూన్ 11, తొంభయ్యో రోజు సెప్టెంబర్ 8. నెలకోసారి అడగవచ్చు, లేదా సెప్టెంబర్ 9 తర్వాత మొత్తానికి ఒకేసారి అడగవచ్చు. అయితే పని పోయిన తేదీ నుంచి ఏడాది దాటకూడదు.

మధ్యలో కొత్త పని దొరికితే చేరిన రోజు నుంచి భృతి ఆగుతుంది. ఆమె ఆగస్టు 1న మరోచోట చేరితే జూన్ 11 నుంచి జూలై 31 దాకా 51 రోజులకు సుమారు 11,388 వస్తుంది. చేరి కూడా చేరలేదని రాస్తే కొత్త యజమాని అదే నంబరు మీద చందా కట్టగానే బయటపడుతుంది. తప్పుడు వివరాలిచ్చారని శిక్ష పడితే ఈ భృతికే అనర్హులవుతారు.

భృతి తీసుకునే రోజుల్లో ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. ఇంట్లో బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లుంటే డిస్పెన్సరీకి వెళ్లడం మానకండి.

## 8. క్లెయిమ్ తిరిగొస్తే

తిరిగొచ్చిన కాగితం మీద కారణం ఉంటుంది. దాన్ని బట్టి వెళ్లాల్సిన చోటు మారుతుంది.

"చందా సరిపోలేదు" అంటే ముందు చందాల చరిత్రను పేస్లిప్పులతో నెలనెలా పోల్చండి. జీతంలో కట్ చేసి జమ చేయని నెలలు దొరికితే ఆ జాబితాతో బ్రాంచ్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. కార్మికుడి జీతం నుంచి కోసిన చందా యజమాని సొమ్ము కాదు. అది అతని దగ్గర నమ్మి ఉంచిన డబ్బని చట్టం అంటుంది, వాడుకుంటే నేరం. కాంట్రాక్టర్ మాయమైపోయినా భయం లేదు. కాంట్రాక్టు కార్మికుల చందాకు మొదటి బాధ్యత అసలు కంపెనీదే. ఫిర్యాదులో కాంట్రాక్టర్ పేరుతో పాటు కంపెనీ పేరు కూడా తప్పకుండా రాయండి. గేట్ పాస్ కాపీ జతచేస్తే మీరు అక్కడే పనిచేశారనడానికి అదే సాక్ష్యం.

"నిరుద్యోగి కారు" అంటే నాలుగో భాగంలో చెప్పిన గడి తప్పు. యజమాని దాన్ని సరిచేయాలి. అతను కదలకపోతే తొలగింపు నోటీసు, మీరు పంపిన రిజిస్టర్డ్ ఉత్తరం రశీదు జతచేసి బ్రాంచ్ మేనేజర్‌కు అర్జీ ఇవ్వండి. మొదటి వారంలో పోస్టాఫీసు దాకా నడిచిన నడక ఇప్పుడు అక్కరకొస్తుంది.

"స్వచ్ఛందంగా వదిలారు" అంటే ఎక్కడో మీ సంతకంతో రాజీనామా ఉంది. ఇది మూడింట్లోకీ కష్టమైనది. అదే రోజు మీతో పాటు మరికొందరిని కూడా తీసేసి ఉంటే, అందరి వివరాలతో కలిసి అర్జీ పెట్టండి. ఒకే తేదీన ఇరవై మంది వ్యక్తిగత కారణాలతో మానేశారంటే ఎవరూ నమ్మరు. కార్మిక శాఖ అధికారి దగ్గర కూడా ఒక ఫిర్యాదు నమోదు చేసి, దాని నకలు ఈఎస్ఐకి ఇవ్వండి.

## 9. ఫ్యాక్టరీయే మూతపడితే, ఇంకో పథకం

ఫ్యాక్టరీ మూత, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్, లేదా పనికి సంబంధం లేని ప్రమాదం వల్ల 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం, ఈ మూడింట్లో ఒకటి జరిగితే రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉంది. 2005 నుంచి నడుస్తోంది.

ఇందులో భృతి 90 రోజులు కాదు, గరిష్ఠంగా 24 నెలలు. మొదటి 12 నెలలు సగటు రోజువారీ జీతంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం. కుటుంబానికి వైద్యం కూడా ఉంటుంది. మూడేళ్లు చందా పూర్తయినవారికి సర్వీసు షరతు దగ్గర ఇబ్బంది రాదు.

అందుకే మిల్లు పూర్తిగా మూసినవారు ముందుగా దీనికే ప్రయత్నించాలి. ఒకే కాలానికి రెండు చోట్లా భృతి తీసుకోవడం కుదరదు. మూడు నెలల దానికి అప్లై చేసేసి, తర్వాత పెద్దదాని సంగతి తెలిసి తలపట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఇక్కడ రుజువు బరువైనది. మూత అయితే మూసివేత ఉత్తర్వు లేదా నోటీసు కావాలి. రిట్రెంచ్‌మెంట్ అయితే నోటీసు, పరిహారం లెక్క చూపించాలి. లాకౌట్ బోర్డు పెట్టి, మూతను ప్రకటించకుండా నెలల తరబడి నాన్చే మిల్లుల దగ్గర ఈ కాగితమే పుట్టదు. మూతో, లాకౌటో తేల్చమని యూనియన్ ద్వారా కార్మిక శాఖకు రాతపూర్వకంగా అడగండి. పని పోయిన ఆరు నెలల్లోపే క్లెయిమ్ పెట్టాలి కాబట్టి, ఆ ఉత్తరానికి జవాబు వచ్చేదాకా ఆగకుండా, ఉన్న కాగితాలతో ముందు క్లెయిమ్ నమోదు చేసి, మిగతావి తర్వాత జతచేస్తామని అర్జీలో రాయండి.